ఫైల్లో కనపడని ముప్పై

పోయిన వేసవిలో తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటలున్న ఒక రైతు, చాలా ఏళ్ల కిందట నేనే చేసిచ్చిన ఏరేటర్ టైమరు బోర్డును దాని ప్లాస్టిక్ డబ్బాతో సహా ఊడదీసి తెచ్చి, కావలిలోని మా రిపేరు కొట్టు బల్ల మీద పెట్టారు. ఆ బోర్డు చేసే పని చాలా చిన్నది. పగటిపూట రెండు ఏరేటర్లను వంతులవారీగా, ముప్పై నిమిషాలకొకసారి మార్చి నడుపుతుంది. మోటారు మొదలైన ప్రతిసారీ లాగే కరెంటుకు కాంటాక్టర్ పాయింట్లు కాలిపోతున్నాయనీ, ముప్పైని నలభై ఐదు చేస్తే రోజులో స్టార్టుల లెక్క తగ్గుతుందనీ ఆయన అన్నారు. న్యాయమైన కోరికే. చిక్కల్లా నా దగ్గరే ఉంది. ఆ ప్రోగ్రాము రాసుకున్న సీ ఫైలు నా పాత లాప్‌టాప్ హార్డ్ డిస్కుతో పాటే పోయింది, ఒక పెన్‌డ్రైవులో `timer.hex` అనే ఫైలు మాత్రం మిగిలింది.

బోర్డు మీది ఏటీమెగా8 చిప్పులో ఉన్నదీ ఈ ఫైల్లో ఉన్నదీ ఒకటేనా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి ఒక్క కమాండు చాలు:

```
avrdude -c usbasp -p m8 -U flash:v:timer.hex:i
```

రెండూ ఒకటేనని తేలింది. కాబట్టి చెయ్యవలసిన పని, ఆ ఫైల్లో ముప్పై ఎక్కడుందో వెతికి దాన్ని నలభై ఐదు చెయ్యడం. మా కొట్టులో పని నేర్చుకుంటున్న కుర్రవాడు డిప్లొమా పూర్తి చేసి వచ్చినవాడు, చురుకైనవాడు. ముప్పై అంటే హెక్సులో `1E`, నలభై ఐదు అంటే `2D` అని నోటితోనే చెప్పేశాడు. నేను మరో బోర్డు మీద టంకం వేసుకుంటూ, నువ్వే మార్చిపెట్టు అన్నాను. పావుగంటలో మార్చాడు, చిప్పులోకి ఎక్కించాడు, రిలేలకు రెండు బల్బులు తగిలించి కూర్చున్నాడు. బల్బులు సరిగ్గా ముప్పై నిమిషాలకే మారాయి.

“అన్నా, ఫైలంతా చూసినా. ముప్పై ఒక్కచోటే ఉండాది, దాన్నే మార్చినా. ఏందన్నా ఇది?”

అతను మార్చిన వరుస ఇది:

```
:1000100024C023C022C021C020C01FC01EC01DC0DC
```

ఇంటెల్ హెక్స్ పద్ధతిలో రాసిన ఫైల్లో ప్రతి వరుసా ఇలాగే ఉంటుంది. మొదటి `10` అంటే ఈ వరుసలో పదహారు బైట్లున్నాయని, తరువాతి `0010` అంటే అవి ఏ చిరునామా నుంచి మొదలవుతాయోనని, ఆ వెనుక `00` అంటే ఇది మామూలు డేటా వరుస అని, చిట్టచివరి `DC` చెక్‌సమ్ అని అర్థం. మధ్యలో `1E` కనపడుతున్న మాట నిజమే. అయితే దాని పక్కనే `C0` ఉంది, దానికి అటూ ఇటూ `1F C0`, `1D C0` అని ఒక్కొక్కటిగా తగ్గుతూ పోతున్నాయి. ఈ చిప్పులో బైట్లు జతలుగా, చిన్న బైటు ముందు పెద్ద బైటు వెనుకగా ఉంటాయి కనుక `1E C0` ని `C01E` అని చదవాలి. `C` తో మొదలయ్యేది `RJMP`, అంటే ఇక్కడి నుంచి ఇన్ని పదాలు, అంటే ఇన్ని బైట్ల జతలు, ముందుకు గెంతు అనే ఆదేశం. ఈ వరుస మొత్తం ఇంటరప్టుల, అంటే చేస్తున్న పనిని మధ్యలో ఆపి చిప్పును పిలిచే సంకేతాల, పట్టిక. నేను వాడని ఇంటరప్టులన్నీ ఒకే చోటికి గెంతుతాయి కనుక, పట్టికలో కిందికి పోయే కొద్దీ గెంతవలసిన దూరం ఒక్కొక్కటి తగ్గుతుంది, ఆ తగ్గుదలలో `1E` అనేది దారిలో వచ్చిన మైలురాయి. అది ఏడీసీ, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగం, పంపే ఇంటరప్టు స్థానం. నా ప్రోగ్రాము ఏడీసీనే వాడదు కాబట్టి, దాన్ని `2D` చేసినా బోర్డు ఎప్పటిలాగే నడిచింది. ఎక్కడైనా చెడి ఉంటే తప్పు వెంటనే బయటపడేది.

మరి అసలు ముప్పై ఏమైనట్టు? ఫైల్లో ఉంది, కానీ రెండు ముక్కలై ఉంది. ఈ సంగతి ఆ కుర్రవాడికి తెలియకపోవడానికి కారణం అతని తెలివి తక్కువతనం కాదని, మన పాలిటెక్నిక్ ల్యాబుల్లో యంత్రభాషను పరిచయం చేసే పద్ధతేనని నా అభిప్రాయం.

ఆ ల్యాబుల్లో అందరం 8085 మైక్రోప్రాసెసర్ కిట్టు మీదే చేతులు కాల్చుకున్నాం. గోడకు ఒక ఓపీకోడ్ల చార్టు ఉంటుంది. ఎడమన ఆదేశం, కుడిన దాని హెక్సు కోడు. ముప్పైతో పోల్చమని `CPI 1E` రాయాలంటే చార్టులో `CPI` కి ఎదురుగా ఉన్న `FE` చూసి నొక్కుతాం, తరువాత `1E` నొక్కుతాం, పని అయిపోతుంది. 8085లో ఆదేశం ఒక బైటు, దాని వెనుక సంఖ్య మరో బైటు. కనుక సంఖ్య ఎప్పుడూ చెక్కుచెదరకుండా కంటికి కనపడుతుంది. మూడు నెలలు ఇలా నొక్కిన విద్యార్థికి, ఓపీకోడ్ అంటే చార్టులో వెతుక్కునే పేరు అనీ, సంఖ్య దాని పక్కన కూర్చునే వస్తువు అనీ స్థిరపడిపోతుంది. ఆ చార్టు వెనుక కూడా ఒక నమూనా ఉందని, `MOV` ఆదేశాలన్నీ `01DDDSSS` అనే ఒకే అచ్చులో పోసినవని, అందులో మూడు బిట్లు గమ్యానికీ మూడు బిట్లు మూలానికీ కేటాయించారని, అందుకే `MOV A,B` కి `78` వచ్చిందని చెప్పినవారు మా రోజుల్లో లేరు. ఇప్పటి పిల్లలను అడిగినా చెప్పినట్టు లేదు. చార్టుతో పని జరిగిపోతున్నప్పుడు అచ్చు ఎవరికి కావాలి అన్నది అప్పటి వాదన. ఆ వాదన మా ఏటీమెగా8 లాంటి ఏవీఆర్ చిప్పు దగ్గరికి వచ్చేసరికి నిలవదు, ఎందుకంటే అక్కడ గోడకు వేసే చార్టు అసలు సాధ్యమే కాదు. ఒక్క `CPI` కే పదహారు రిజిస్టర్లు, ఒక్కోదానికి రెండువందల యాభై ఆరు సంఖ్యలు, మొత్తం నాలుగువేల తొంభై ఆరు కోడ్లు.

అందుకే ఆ ఉదయం ఇద్దరం ఒక్క ఆదేశాన్ని చేత్తో కట్టాం. ఎక్కడ చూడాలన్నది తెలియడంలోనే కొంత మెలిక ఉంది. ఏటీమెగా8 డేటాషీటు చివర్లో ఆదేశాల సారాంశ పట్టిక ఉంటుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. అందులో ఆదేశం పేరు, అది చేసే పని, మార్చే ఫ్లాగులు, తీసుకునే క్లాకులు ఉంటాయి తప్ప బిట్లు ఉండవు. బిట్ల అమరిక ఆ కుటుంబంలోని చిప్పులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వేరే పుస్తకంలో, అంటే ఇన్‌స్ట్రక్షన్ సెట్ మాన్యువల్లో, ఒక్కో ఆదేశానికి ఒక్కో పేజీగా ఉంటుంది. `CPI` పేజీలో మనకు కావలసినవి ఇవి:

```
CPI Rd, K      16 <= d <= 31,  0 <= K <= 255
0011 KKKK dddd KKKK
```

ఈ రెండు వరుసలను తొందరపడకుండా చదవాలి. పదహారు బిట్లలో మొదటి నాలుగు, `0011`, ఇది `CPI` అని చెబుతాయి. `dddd` అన్నవి రిజిస్టరు, `K` అన్నవి పోల్చవలసిన సంఖ్య. సంఖ్యకు ఎనిమిది బిట్లు ఇచ్చారు గానీ వాటిని రెండుగా చీల్చి, పై నాలుగింటిని రిజిస్టరుకు ఎడమనా కింది నాలుగింటిని కుడినా కూర్చోబెట్టారు. ముప్పై ఫైల్లో కనపడకపోవడానికి ఇదే కారణం. `1E` లోని `1` ఒక బైటులోకి, `E` మరో బైటులోకి వెళ్లిపోయాయి.

రిజిస్టరు దగ్గర ఇంకో సంగతి ఉంది. ఈ చిప్పులో ముప్పై రెండు రిజిస్టర్లు. వాటిలో ఒకదాన్ని చెప్పాలంటే ఐదు బిట్లు కావాలి, ఇక్కడ నాలుగే ఉన్నాయి. పై వరుసలో `16 <= d <= 31` అని రాసింది దీన్ని గురించే. పదహారు నుంచి ముప్పై ఒకటి వరకూ ఏ సంఖ్యకైనా ఐదో బిట్టు తప్పకుండా 1 కాబట్టి, దాన్ని రాయకుండా వదిలేశారు. ఉదాహరణకు ఇరవై నాలుగు అంటే `11000`, అందులో ముందున్న 1 వదిలేస్తే `1000`. మా కుర్రవాడు మొదట `dddd` లో ఇరవై నాలుగు పట్టడం లేదని ఆగిపోయాడు. ఆగడం మంచిదే, పట్టని సంఖ్యను బలవంతంగా కుక్కితే పక్క ఖానా పాడవుతుంది.

ఇంత పొదుపు ఎందుకన్న ప్రశ్న అతనే వేశాడు. జవాబు మాన్యువల్లో ఒక్కచోట రాసి ఉండదు, పేజీలు తిప్పితే దొరుకుతుంది. సంఖ్యను తనలోనే మోసే ఆదేశాలు ఇదే అచ్చులో ఆరున్నాయి: `CPI` కి `0011`, `SBCI` కి `0100`, `SUBI` కి `0101`, `ORI` కి `0110`, `ANDI` కి `0111`, `LDI` కి `1110`. రిజిస్టరుకు ఐదు బిట్లు ఇచ్చి ఉంటే, సంఖ్యకు పోయే ఎనిమిదితో కలిపి పదమూడు బిట్లు ఖర్చయి, ఆదేశం పేరు చెప్పడానికి మూడే మిగిలేవి. మూడు బిట్లతో ఎనిమిది పేర్లే సాధ్యం. ఆరింటిని ఈ ఆరే తినేస్తే, కూడికలు, గెంతులు, మెమరీ చదవడాలు, మిగతా సంసారమంతా రెండు పేర్లలో ఇమడాలి. ఒక్క బిట్టు తగ్గించినందువల్ల పదహారు పేర్లు వచ్చి, వాటిలో ఆరు పోగా పది మిగిలాయి. దాని ఖరీదు, `r0` నుంచి `r15` వరకూ ఉన్న రిజిస్టర్లకు, రిజిస్టరులో సంఖ్యను పెట్టే `LDI` పనిచెయ్యకపోవడం. అసెంబ్లరు ఆ తప్పు చూపినప్పుడల్లా ఇదేదో అకారణ నిషేధమని విసుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆరింటిలో తీసివేత చేసే `SUBI` ఉండి దాని జోడు కూడిక లేకపోవడం కూడా ఈ పొదుపులో భాగమేనని నాకు తోస్తుంది. ఒకటి కలపాలంటే `FF` తీసివేస్తే సరిపోతుంది, ఎనిమిది బిట్లలో ఫలితం ఒకటే. దాని పర్యవసానం ఒకటి కొంతసేపట్లో నా తలకే చుట్టుకుంది.

సరే, ముప్పైని వెతకాలి. రిజిస్టరు ఏదో మనకు ఇంకా తెలియదు. అచ్చులో పెడితే పెద్ద బైటు `31`, చిన్న బైటు ఏదో ఒక అంకె వెనుక `E`. ఫైల్లో చిన్న బైటు ముందు వస్తుంది కనుక వెతకవలసిన ఆనవాలు ఇది:

```
grep -n '[0-9A-F]E31' timer.hex
11:1000A000809160008F5F809360008E3128F0109205
```

వరుస సంఖ్య వెనుక రెండు చుక్కలు తెరమీద రెండుసార్లు వస్తాయి, నేను ఒకసారే రాశాను. దొరికింది ఒక్కటే, `8E31`. దొరికినంత మాత్రాన సంబరపడరాదు, ఇది కూడా `1E C0` లాంటి పోలికే కావచ్చు. మొదట అది బైటు హద్దు మీదే మొదలయిందా, రెండు బైట్ల మధ్యలో నుంచి అడ్డంగా కనపడుతోందా అని లెక్కపెట్టాలి. తరువాత చుట్టూ చదవాలి. `80 91 60 00` అంటే `0060` చిరునామాలోని విలువను `r24` లోకి తెచ్చుకోవడం. `8F 5F` ని తిప్పితే `5F8F`, మనం ఇప్పుడే చూసిన అచ్చులో `0101` అంటే `SUBI`, రిజిస్టరు `1000` అంటే `r24`, సంఖ్య `FF`, మొత్తం మీద ఒకటి కలపడం. `80 93 60 00` అంటే తిరిగి అక్కడే భద్రపరచడం. ఆ వెనుక మన `8E 31`. దాని వెనుక `28 F0` అంటే ఇంకా తక్కువే అయితే ఐదు పదాలు దాటి గెంతమని. గెంతకపోతే `10 92` తో మొదలై తరువాతి వరుసలోకి సాగే ఆదేశం, అదే `0060` లో సున్నా పెట్టడం. ఒకటి కలిపి, ముప్పైతో పోల్చి, చేరితే సున్నా చెయ్యడం. ఇది నిమిషాల లెక్కే. నేను రాసిందే అయినా, ఎవరో పూర్వీకుల శాసనం చదివినట్టుగా ఉంది.

ఇది దొరకకపోయి ఉంటే మరో దారి చూడవలసి వచ్చేది. నేను ముప్పై నుంచి కిందికి లెక్కపెట్టి ఉంటే అది పోలికగా కాక `LDI` గా ఉండేది, అప్పుడు వెతకవలసింది `[0-9A-F]EE1`. అచ్చు అదే, మొదటి అంకె మాత్రం మారుతుంది.

ఇక మార్పు. `2D` ని చీల్చి అచ్చులో పోశాం:

```
0011 0010 1000 1101   =  328D
```

ఇక్కడిదాకా కుర్రవాడే చేశాడు. నేను పెద్దరికం కొద్దీ కీబోర్డు లాక్కుని, `8E31` చెరిపి `328D` అని కొట్టాను. ఇప్పుడు చెక్‌సమ్ సరిచెయ్యాలి. వరుసలోని బైట్లన్నిటినీ కూడి, మొత్తంలో చివరి రెండంకెలను `100` నుంచి తీసివేస్తే వచ్చేదే చెక్‌సమ్. పాత మొత్తం `6FB`, కాబట్టి `05`. కొత్త మొత్తం కూడా `6FB` వచ్చింది. పొరబడ్డానేమోనని రెండోసారి కూడాను, అంతే వచ్చింది. తరువాత అర్థమయింది. `1E` లో అంకెల మొత్తం పదిహేను, `2D` లో అంకెల మొత్తమూ పదిహేనే. సంఖ్యను చీల్చి రెండంకెలనూ రెండు బైట్లలో ఒకే స్థాయి స్థానాల్లో, అంటే చివరి స్థానాల్లో కూర్చోబెట్టారు కనుక, ఒకదాంట్లో ఒకటి పెరిగి మరోదాంట్లో ఒకటి తగ్గితే మొత్తం కదలదు. ఈ ముచ్చట చూసి మురిసిపోతూ, ఎక్కించమని చెప్పాను. అవ్రడ్యూడ్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు, ఎక్కించిన తరువాత తిరిగి చదివి సరిపోయిందని కూడా చెప్పింది.

ఉదయం 10:05కి బల్బులు పెట్టాం. ముప్పై నిమిషాలకు మారలేదు, ఇద్దరం తృప్తిపడ్డాం. నలభై ఐదుకూ మారలేదు. గంటకూ మారలేదు. భోజనాలకు వెళ్లి వచ్చినా మొదటి బల్బే వెలుగుతోంది. 2:21కి టక్కుమని రిలే కొట్టుకుంది. నాలుగు గంటల పదహారు నిమిషాలు, అంటే రెండువందల యాభై ఆరు నిమిషాలు. ఆ సంఖ్య వినగానే ఎనిమిది బిట్ల వాసన కొట్టింది.

తప్పు నాదే. ఫైల్లో చిన్న బైటు ముందు రావాలి, అంటే `8D 32` అని కొట్టాలి. ఆ మాట అంతకు గంట ముందు పాఠంగా చెప్పిందీ నేనే. నేను కొట్టిన `32 8D` ని చిప్పు `8D32` అని చదివింది. అదీ ఒక చెల్లుబాటు అయ్యే ఆదేశమే కావడం అసలు ప్రమాదం:

```
8D32   ldd r19, Z+26
```

మెమరీలో ఎక్కడి నుంచో ఒక విలువ తెచ్చి `r19` లో పడెయ్యడం. పోలిక జరగడం లేదు, అయినా దాని వెనుకనున్న గెంతు మాత్రం క్యారీ ఫ్లాగును చూసి నిర్ణయం తీసుకుంటూనే ఉంది. ఆ ఫ్లాగును చివరిసారి మార్చింది ఎవరు? ఒకటి కలపడానికి `FF` తీసివేసిన `SUBI`. మధ్యలోని మెమరీ ఆదేశాలు ఫ్లాగులను ముట్టవు. ఎనిమిది బిట్ల సంఖ్యలోంచి `FF` తీసివేస్తే, ఆ సంఖ్య తానే `FF` అయితే తప్ప, అప్పు తెచ్చుకోక తప్పదు, అంటే క్యారీ లేచి ఉంటుంది. లెక్క రెండువందల యాభై ఐదుకు చేరి, దానికి ఇంకొకటి కలిసి సున్నా అయిన ఆ ఒక్క నిమిషంలోనే క్యారీ లేదు, గెంతు పడలేదు, ఏరేటర్లు మారాయి. దీనికి తోడు, ఇంటరప్టులోకి వెళ్లేటప్పుడు `r19` ని దాచిపెట్టే కోడు అక్కడ లేదు, ఎందుకంటే అసలు ప్రోగ్రాముకు ఆ అవసరం లేదు. నా మెయిన్ లూపులో చెయ్యడానికి పెద్దగా పని లేదు కనుక అది బయటికి తెలియలేదు గానీ, తెరమీద అంకెలు చూపించే బోర్డు అయితే అంకెలు పిచ్చిపిచ్చిగా మారేవి.

రెండు బైట్లు తారుమారయినా చెక్‌సమ్ ఎందుకు పట్టుకోలేదంటే, కూడికకు వరుస పట్టదు. ముందు రూపాయి లెక్కపెట్టినా ముందు పావలా లెక్కపెట్టినా రూపాయి పావలాయే. ఎక్కించిన తరువాతి తనిఖీ ఎందుకు పట్టుకోలేదంటే, అది చిప్పులోనిదీ ఫైల్లోనిదీ ఒకటేనా అని మాత్రమే అడుగుతుంది, ఫైలు సరైనదేనా అని అడగడం దాని పని కాదు.

ఇక్కడ నాకు ఎదురయ్యే ఆక్షేపణ నాకు తెలుసు, దాన్ని దాటవెయ్యను. `avr-objdump -m avr -D timer.hex` అని కొట్టి ఉంటే `8e 31` ఎదురుగా `cpi r24, 0x1E` అని తయారుగా కనపడేది, మార్చిన తరువాత మరోసారి కొట్టి ఉంటే `ldd` అని చూసి నిమిషంలో నాలుక కరుచుకునేవాణ్ణి, ఒక పూటంతా బల్బులు చూస్తూ కూర్చునే పని తప్పేది. నిజం. ఎక్కించే ముందు ఆ కమాండు కొట్టకపోవడం నా అహంకారమే, ఇప్పుడు కొట్టుతున్నాను. ప్రోగ్రాములు మొత్తంగా చేత్తో కట్టాలని నేను అనడం లేదు. పది ఆదేశాలు చేత్తో కడితే పదకొండోదానికి చూపు మసకబారుతుంది, గెంతుల దూరాలు లెక్కపెట్టడంలో తప్పులు మొదలవుతాయి. నా వాదన ఒక్క ఆదేశం గురించే. ఆ పనిముట్టు మనకు చూపించే వరుసను చదివి, దాన్ని ఎంతవరకు మార్చవచ్చో నిర్ణయించుకోవాలంటే అచ్చు తెలియాలి. ఉదాహరణకు రైతు నలభై ఐదుకు బదులు ఐదు గంటలు అడిగి ఉంటే? మూడువందలు ఎనిమిది బిట్లలో పట్టదు. `K` కు ఉన్నది రెండు ముక్కలే, మూడో ముక్కకు చోటు లేదు. లెక్కను రెండు బైట్లలో దాచాలి, రెండోదాన్ని పోల్చడానికి మరో ఆదేశం కావాలి, దాన్ని మధ్యలో దూర్చితే కిందివన్నీ జరిగి గెంతుల దూరాలన్నీ తప్పుతాయి. అది రెండు బైట్లు మార్చి ఇచ్చే పని కాదని, ప్రోగ్రాము మళ్లీ రాయాలని రైతుకు అక్కడికక్కడే చెప్పగలగాలి. ఆబ్జ్‌డంప్ ఈ మాట చెప్పదు. ఆదేశం ఏమిటన్నదే చెబుతుంది, అందులో ఎంత చోటుందన్నది చెప్పదు.

కాబట్టి ల్యాబులో 8085 కిట్టు ఉంచినా నాకు అభ్యంతరం లేదు. ఒక్క తరగతి గంటలో చార్టును గోడ నుంచి తీసేసి, `01DDDSSS` అని బోర్డు మీద రాసి, రిజిస్టర్ల సంఖ్యలు ఇచ్చి, `MOV A,B` కి కోడు మీరే కట్టండి అనాలి. ఆ తరువాత `MOV M,M` కట్టమంటే `76` వస్తుంది. చార్టులో చూస్తే `76` అంటే `HLT`. అలాంటి `MOV` ఎందుకు లేదో, ఆ ఖాళీని ఎవరికి ఇచ్చారో పిల్లలే కనిపెడతారు. ఆ గంట గడిపినవాడు ఏవీఆర్ మాన్యువల్ తెరిచినప్పుడు ముప్పై కోసం `1E` అని వెతకడు.

మర్నాడు `8D 32` అని సరిగ్గా కొట్టి, ఆబ్జ్‌డంప్‌లో చూసుకుని, ఎక్కించాం. నలభై ఐదు నిమిషాలకు బల్బులు మారాయి. డబ్బా లోపల ఒక కాగితం ముక్క అంటించి దాని మీద చిరునామా, పాత బైట్లు, కొత్త బైట్లు రాసిపెట్టాను.

వారం తిరక్కుండా అదే రైతు ఫోను చేశారు. నలభై ఐదైతే మూల ఉన్న గుంటకు గాలి చాలడం లేదట, నలభై చేసివ్వగలరా అని అడిగారు. నేను ఫోను పెట్టేలోపే కుర్రవాడు ఒక బిల్లు వెనుక గీతలు గీసుకుని `0011 0010 1000 1000` అని రాసి, దాన్ని తిప్పి `88 32` అని కింద రాశాడు. చెక్‌సమ్ దగ్గర కాసేపు ఆగి, కూడి, `0A` అని రాసి, దాని చుట్టూ గుండ్రంగా చుట్టాడు.

“అన్నా, పోయినసారి ఇది మారలా. ఈసారి ఐదు పెరిగింది.”

ఎందుకని అడిగాను. రెండూ ఎనిమిదీ పదే కదన్నా, అన్నాడు.